ఉద్యోగం వచ్చిందని చెప్పడం

ఉద్యోగం పోయిన రోజు ఎవరికీ చెప్పలేదు. వచ్చినప్పుడు మాత్రం లింక్డ్‌ఇన్ తనంతట తానే అడిగింది, అందరికీ చెప్పమంటావా అని. ప్రొఫైల్లో కొత్త కంపెనీ పేరు ఎక్కించగానే `I'm happy to share that I'm starting a new position as` అంటూ వాక్యం కూడా అదే రాసిపెట్టింది. బటన్ నొక్కితే అయిపోయేది. కానీ ఏడు నెలల్ని, ఆ ఏడు నెలల్లో సాయం చేసినవాళ్లని అలా దాటెయ్యబుద్ధి కాలేదు. కూర్చుని నాదే ఒకటి రాశాను.

అందులో "హంబుల్డ్" ఉంది. "జర్నీ" రెండుసార్లు ఉంది. ఆరు రౌండ్ల ఇంటర్వ్యూ అన్న లెక్క ఉంది. నన్ను నమ్మిన ప్రతి ఒక్కరికీ థాంక్స్, నమ్మనివాళ్లకి ఇంకా పెద్ద థాంక్స్ అని ఒక చురక ఉంది. చివర పద్నాలుగు మంది పేర్లు వరసగా, ట్యాగులతో.

చదువుకుంటే ఇదెక్కడో చూసినట్టే ఉందే అనిపించింది. పాత కావ్యాల అవతారిక! ఇష్టదేవతాస్తుతి స్థానంలో పాత మేనేజర్లు, కుకవినింద స్థానంలో నన్ను నమ్మనివాళ్లు, షష్ఠ్యంతాల స్థానంలో ట్యాగులు. నవ్వుకున్నాను గానీ, వెంటనే నన్నయ గుర్తొచ్చి నవ్వు ఆగింది. 11వ శతాబ్దంలో భారతం తెలుగు చేస్తూ ఆయన అవతారికలో నారాయణభట్టుని తలుచుకున్నాడు. తనతో కలిసి చదువుకున్నవాడనీ, కురుక్షేత్రంలో అర్జునుడికి కృష్ణుడు తోడు నిలిచినట్టు తనకు ఈ పనిలో తోడు నిలిచాడనీ చెప్పాడు. ఆ పోలికలో తను అర్జునుడవుతున్నాడు, నిజమే. అయినా అది గొప్ప చెప్పుకున్నట్టు అనిపించదు. రథం తోలింది ఎవరో ముందు తెలుస్తుంది కాబట్టి.

నా పోస్టులో అదే తెలియడం లేదు. ఊరికే వాక్యాల్లో కర్తలు ఎవరో లెక్కపెట్టాను. పదకొండు వాక్యాల్లో తొమ్మిదింటికి కర్త నేనే. "నేను రుణపడి ఉన్నాను", "నేను వినమ్రంగా స్వీకరిస్తున్నాను". థాంక్స్ చెబుతున్న వాక్యంలో కూడా వాళ్లు కర్మగానే ఉన్నారు. పద్నాలుగు మందిలో ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా పోస్టు మారదు. అసలు తప్పు అది. డప్పు తగ్గించి అణకువ పెంచితే సరిపోయేది కాదు. "హంబుల్డ్" కూడా నా గురించిన మాటే కదా.

ఈ తప్పు నాకు కొత్త కాదు. పాత టీములో నా సీనియర్ ఒకావిడ ఉంది, అక్కా అని పిలుస్తాను. లేఆఫ్ అయ్యాక తనే ఫోన్ చేసి, గురువారం రాత్రుళ్లు మాక్ ఇంటర్వ్యూలు చేస్తానంది. మొదటి రోజు, నోటిఫికేషన్లు పంపే సర్వీసు ఒకటి డిజైన్ చెయ్యమంది. నేను వెంటనే క్యూలు, క్యాషులు, షార్డింగు అంటూ ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాను.

"నువ్వు జవాబు చెప్పట్లేదు, అప్పజెబుతున్నావు. ఎంతమంది వాడతారు, నోటిఫికేషన్ ఎంతసేపట్లో చేరాలి, ఒకటి పోతే పర్వాలేదా, ఏమీ అడగలేదు. రోజుకి వెయ్యి పంపడానికీ కోటి పంపడానికీ ఒకటే డిజైనా?" అంది.

పోస్టులోనూ అదే చేశాను. ఎవరు, ఏం చేశారు, దానివల్ల ఏం మారింది అని అడగకుండా, చదివిన వంద పోస్టుల్ని అప్పజెప్పాను. కృతజ్ఞత అన్న మాటలోనే ఉంది, చేసినదాన్ని ఎరిగి ఉండటం అని. సరేనని తెలుగులో మళ్లీ మొదలుపెట్టాను, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చని. "జర్నీ"లాంటి రెడీమేడ్ సరుకు తెలుగులో నా చేతికి అందలేదు. ఏం జరిగిందో రాయక తప్పలేదు. రాస్తూ పోతే పద్నాలుగు మందిలో నలుగురు మిగిలారు. నలుగురినీ ముందే అడిగాను.

రిఫరల్ ఇచ్చిన ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ వద్దన్నాడు. "పేరు పెట్టావనుకో, రేప్పొద్దున ఇన్‌బాక్స్‌లో నలభై రెజ్యూమెలుంటాయిరా. బిర్యానీ తినిపించు చాలు." ఐదు నెలలు ఇంటి ఈఎంఐ ఒక్కతే కట్టిన నా భార్య కూడా వద్దంది. "మా ఆఫీసువాళ్లు చూస్తారు. నాకు చెప్పాల్సింది నాకు చెప్పు." చెప్పాను. పోస్టులో కన్నా అది కష్టమైంది.

నాలుగో మనిషి నాతోపాటు అదే రోజు బయటికొచ్చిన సహోద్యోగి. మేం తొమ్మిది మందిమి. ఖాళీల జాబితా ఒక షీటులో రోజూ నింపి అందరికీ పంపింది అతనే. అతనికే ఇంకా రాలేదు. నా మొదటి డ్రాఫ్ట్ అతను చదివితే ఎలా ఉంటుందో నేను ఆలోచించనే లేదు. రెండోది అతనికి పంపాను. "ఇంకా అవకాశం రాని మిత్రుడు" అని ఉంది అందులో. అరగంటకి జవాబొచ్చింది: "జాలి పోస్టు వద్దు బ్రో. నేనేం పని చేశానో రాయి."

ఆఫర్ లెటర్ రాగానే పెట్టలేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయ్యి, చేరిన వారానికి పెట్టింది ఇది:

"కిందటి సోమవారం కొత్త కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీరుగా చేరాను. లేఆఫ్ అయ్యాక ఏడు నెలలు పట్టింది. పాత టీములో నా సీనియర్ ఆరు గురువారాలు, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి, నాకు మాక్ ఇంటర్వ్యూలు చేసింది. జవాబు మొదలుపెట్టే ముందు లెక్కలు అడగమని నేర్పింది. చివరి ఇంటర్వ్యూలో నేను మొదట చేసిన పని అదే. నాతోపాటు లేఆఫ్ అయిన సహోద్యోగి రోజూ ఖాళీల షీటు నింపి మా అందరికీ పంపాడు. నేను చేరిన ఉద్యోగం అందులో 61వ వరస. అతను ఎనిమిదేళ్లుగా పేమెంట్స్ మీద పనిచేస్తున్నాడు. మా ప్రొడక్టులో ఒకే ఆర్డరుకి డబ్బు రెండుసార్లు కట్ అయ్యే సమస్యని పట్టుకుని సరిచేసింది అతనే. ఇప్పుడు బ్యాకెండ్ ఉద్యోగాలు చూస్తున్నాడు. మీ టీములో అవసరం ఉంటే నేరుగా అతనికే రాయండి."

ఇద్దరినే ట్యాగ్ చేశాను. ఫీడ్‌లో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి కాబట్టి, మిగతాది నొక్కి చదివినవాళ్లు ఎందరో తెలీదు. లైకులు మామూలుగా వచ్చేవాటికన్నా తక్కువే. ఎవరికీ "ఇన్‌స్పైరింగ్" అనాలనిపించినట్టు లేదు. అక్క మాత్రం కింద ఒక్క ముక్క రాసింది: "అడిగావన్నమాట."

అతనికి రెండు మెసేజీలొచ్చాయి. ఒకటి ఊరికే పలకరింపు. రెండోది వచ్చే వారం ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. వస్తుందో రాదో తెలీదు. ఈ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి అతనికి మాక్ ఇంటర్వ్యూ పెట్టుకున్నాం. ప్రశ్నలు అడిగేది నేను.