ఏ మెట్టు నుంచి, బేటీ?

"మామూ, ఎ1 అయిపోయింది. ఎ2 పుస్తకం ఇంట్లోనే చదివేశా. సీదా బి1లో చేరితే పైసలు మిగులుతాయి కదా!" అంది మా చెల్లెలి కూతురు. తను నర్సు. జర్మనీ ఆసుపత్రిలో కొలువు తన ఖ్వాబ్. అక్కడ నర్సుగా గుర్తింపుకి మామూలుగా బి2 అడుగుతారు.

నేనే చిన్న ఇమ్తెహాన్ పెట్టాను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగే జర్మన్ ఫారం నిమిషంలో నింపేసింది. అది ఎ1 పని. తర్వాత ఫోన్లో నేను డాక్టరుగారి రిసెప్షన్ అయ్యాను. మంగళవారం అపాయింట్‌మెంట్ గురువారానికి మార్చమని చక్కగా అడిగింది. "గురువారం కుదరదు, శుక్రవారం హాల్బ్ ఎల్ఫ్?" అన్నాను. పదకొండున్నర అని రాసుకుంది. హాల్బ్ ఎల్ఫ్ అంటే పదిన్నర! తెలియక కాదు, పుస్తకంలో చదివిందే. చెవికి అందలేదంతే. ఇలాంటి రోజువారీ మాటామంతీ ఎ2 పని.

బి1 అంటే హీటర్ పాడైతే ఎప్పట్నుంచో, ఏం చేయాలో ఇంటి ఓనరుకి ఉత్తరం రాయాలి. బి2లో పేషెంట్ మాత్ర ఎందుకు వద్దంటున్నాడో డాక్టరుకి వివరించి, ఆయన సవాళ్లకి అక్కడికక్కడే జవాబివ్వాలి. పైగా గోథె బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం దేనికదే. ఒక్కోదాంట్లో వందకి 60 రావాలి. చదవడంలో మిగిలిన మార్కులు వినడానికి అప్పివ్వరు.

మూతి ముడుచుకుని ఎ2లోనే చేరింది. నిన్న మెసేజ్: "మామూ, రేపు హాల్బ్ నోయిన్‌కి ఫోన్ చెయ్."

ఎనిమిదిన్నరకి చేశాను.