ఉమ్మి కాదు, తెమడ

మా సోలాపూర్ తూర్పు భాగంలో దగ్గు ఎవరికీ వింత కాదు. మగ్గాల షెడ్డులో పనిచేసే వాళ్ళకు నూలు ధూళి, ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు పొగాకు ధూళి. నెల రోజులు దగ్గినా "ధూళి పట్టింది" అని బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఊరుకుంటారు. మా మేనత్త కూడా అట్లనే ఊరుకుంది. తరవాత ఒక దవాఖానకు పోయి డబ్బీలో ఉమ్మి ఇచ్చి వచ్చింది. రిపోర్టులో ఏమీ లేదన్నారు. నెలన్నర గడిచింది. అత్త జాకెట్లు వదులయ్యాయి, సాయంత్రం అయితే ఒళ్ళు వెచ్చబడేది. ఈసారి మా గల్లీ ఆశా తాయి తనే వెంటబెట్టుకుని పోయి మళ్ళీ పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది.

మొదటిసారి ఎందుకు తేలలేదు? ల్యాబులో పనిచేసే సార్ అత్తను ఒకటే అడిగాడట: "అమ్మా, అప్పుడు డబ్బీలో ఏం ఇచ్చారు?" అత్త చెప్పింది: "ఉమ్మమన్నారు, ఉమ్మిన." అదే కారణమని గట్టిగా చెప్పలేమని, కానీ అట్లా చాలామందికి అవుతుందని ఆయన అన్నాడు. టీబీ క్రిములు ఉండేది ఊపిరితిత్తుల్లో. అక్కడి నుంచి దగ్గుతో పైకి వచ్చే చిక్కటి తెమడలో అవి దొరుకుతాయి. నోట్లో ఊరే ఉమ్మి నోటిదే. దాన్ని ఎంత మంచి యంత్రంలో పెట్టినా లోపలి సంగతి చెప్పదు.

ఈ సంవత్సరం సైన్స్ టీచర్ ఆరోగ్యం మీద రెండు నిమిషాల వీడియో తీసి తెమ్మన్నప్పుడు నేను, నా ఇద్దరు స్నేహితులు ఈ ఒక్క విషయమే తీసుకున్నాం. టీబీ ఎట్లా వస్తుంది, ఎంతమందికి ఉంది, ఇవన్నీ వదిలేశాం. డబ్బీ చేతికి వచ్చాక మనిషి ఏం చేయాలి, అంతే.

దవాఖానలో క్లిప్పులు తీయడానికి పెద్ద డాక్టరమ్మ ఒప్పుకుంది కానీ రెండు షరతులు పెట్టింది. ఏ రోగి మొహమూ పడకూడదు, డబ్బీ మీద రాసిన పేరు కనపడకూడదు. అందుకని ఖాళీ డబ్బీలతోనే తీశాం. మూతి వెడల్పుగా, మూత మర తిప్పేదిగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బీ అది. పేరు మూత మీద రాయరు, డబ్బీ ఒంటి మీద రాస్తారు. మూతలన్నీ తీసి పక్కన పెడితే ఎవరిది ఏదో తెలియదు కదా! ఇది నాకు భలే నచ్చింది, వీడియోలో ఉంచాలనుకున్నాను. కానీ చూసేవాళ్ళకు దానితో పని లేదు, రాసేది దవాఖాన వాళ్ళే. తీసేశాం.

మరి లోపల ఏం చూపించాలి? నిజమైన తెమడ చూపిస్తే జనం మొహం తిప్పుకుంటారు, పైగా అది ఎవరిదో అవుతుంది. మా ఊళ్ళో నూలుకు పెట్టే గంజికి కరువు లేదు. కొంచెం చిక్కటి గంజి ఒక డబ్బీలో, సబ్బు నురగ కలిపిన నీళ్ళు ఇంకొక దాంట్లో పోశాం. పక్కపక్కన పెట్టి డబ్బీలను వంచితే ఒకటి మెల్లగా జారుతుంది, ఇంకొకటి గబుక్కున పారుతుంది. రెండూ కెమెరాలో బాగా తేడాగా కనిపించాయి. ల్యాబు సార్ చూసి, "ఇంతే కావాలి, ఒక చిన్న చెంచాడు అయినా చాలు, కానీ ఈ చిక్కటిదే కావాలి" అన్నాడు.

దగ్గు చూపించడమే కష్టమైంది. మా మామ నటించాడు. గొంతులో "ఖు ఖు" అని సకిలించాడు. అది గొంతు దగ్గు, దానితో ఉమ్మే వస్తుంది. ఆశా తాయి నేర్పించింది. ముందు వట్టి నీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఛాతీ నిండా ఊపిరి తీసుకుని కాసేపు ఆపి వదలాలి. రెండు మూడు సార్లు అట్లా చేసి, అప్పుడు లోపలి నుంచి దగ్గాలి. సరైన దగ్గుకు పొట్ట లోపలికి పోతుంది, భుజాలు కదులుతాయి. కాబట్టి మామ మొహం వదిలేసి, పొట్ట మీద పెట్టిన చెయ్యినే తీశాం. ఇదంతా గదిలో కాకుండా ఆరుబయట, నలుగురికి దూరంగా చేయాలి, దగ్గినప్పుడు వచ్చే తుంపరలతోనే జబ్బు అంటుకుంటుంది కాబట్టి. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు ఇచ్చే తెమడ మంచిదట, రాత్రంతా లోపల పేరుకుంటుంది కదా. అందుకే దవాఖానలో ఒక డబ్బీ అప్పుడే తీసుకుని, ఇంకొకటి మరునాడు పొద్దుటికి ఇంటికి ఇచ్చి పంపిస్తారు.

మాటలు నేనే చెప్పాను. షెడ్డు దగ్గర మగ్గాల చప్పుడులో ఏమీ వినపడదు కాబట్టి ఇంట్లో దుప్పటి కప్పుకుని ఫోన్‌లో విడిగా రికార్డు చేశాను. ఏ మాట వాడాలి అన్నదే అసలు గొడవ. పుస్తకంలో 'కఫం' అని ఉంది. మా నాయనమ్మకు కఫం అంటే జలుబు. "ఉమ్మి" అంటే అత్త సంగతే మళ్ళీ. ఇంట్లో వాడే మాట 'తెమడ'. మరాఠీలోనూ ఇట్లాంటి తేడానే ఉంది, థుంకీ వేరు, బేడకా వేరు. మా గల్లీలో తెలుగు మాట్లాడే చాలామంది చదివేది మరాఠీలోనే, అందుకని తెర మీద తెలుగు కింద మరాఠీ కూడా వేశాం. ఒక్కసారికి ఒక్క మాట, రెండు లైన్లకు మించకుండా, నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు. మెల్లగా రెండుసార్లు చదివేంత సేపు ఉంచాం. "ఉమ్మి కాదు, తెమడ." "రెండు వారాలు దాటిన దగ్గా? దవాఖానకు పోండి."

తయారయ్యాక బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్ళకు చూపించాం. బాగుందా అని అడగొద్దని టీచర్ ముందే చెప్పింది. బాగుందనే అంటారు. "ఇప్పుడు నీకు డబ్బీ ఇస్తే ఏం చేస్తావు పెద్దమ్మా?" అని అడిగాం. ముగ్గురు పుక్కిలించడం నుంచి మూత బిగించడం దాకా చెప్పారు. ఒక పెద్దమ్మ మాత్రం, "గంజి తాగి దగ్గాల్నా బిడ్డా?" అంది. మేం గంజి గిన్నెలోంచి డబ్బీలోకి పోయడం వీడియోలో ఉంది మరి! ఆ ముక్క కత్తిరించి, నిండిన డబ్బీ మాత్రమే ఉంచాం.

అత్త బీడీ చుట్టే చేతులు కూడా ఒక క్లిప్‌లో తీశాను. మొహం లేదు. అయినా ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. అత్తే చూసి, "గల్లీలో ఈ చెయ్యి తెలియని వాళ్ళెవరు? నా బిడ్డ పెండ్లి ఇంకా కాలే" అంది. ఆర్నెల్ల మందుల్లో ఆమెకు అప్పటికి మూడో నెల. అన్నింటిలో అందమైన క్లిప్ అదే. తీసేశాను. దాని బదులు వట్టి చాట, ఆకులు, దారం ఉండ పెట్టి తీశాం.

వీడియోలో చెప్పలేనిది ఒకటి మిగిలింది. తెమడ సరిగ్గా ఇచ్చినా రిపోర్టులో ఏమీ లేదని రావచ్చు, దగ్గు మాత్రం పోకపోవచ్చు. అప్పుడు ఎక్స్‌రే తీయాలా, ఇంకేం చేయాలా అన్నది డాక్టర్ చూసి చెప్పాల్సిందే. కాబట్టి చివర్లో "దగ్గు తగ్గకపోతే మళ్ళీ రండి" అని మాత్రం వేశాం.

ఇప్పుడు దాన్ని దవాఖాన వరండాలో టీవీలో వేస్తున్నారు. అక్కడ టీవీకి శబ్దం పెట్టరు. నేను దుప్పటిలో చెమటలు కక్కి చెప్పిన మాటలు ఎవరికీ వినపడవు. మా నాయనమ్మలాంటి చదువురాని వాళ్ళకు అక్షరాలూ పనికిరావు. వాళ్ళ కోసం ఆశా తాయి ఫోన్‌లో శబ్దంతో చూపిస్తోంది. మొన్న ఒక ముసలాయన డబ్బీ పట్టుకుని టీవీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత బయట వేపచెట్టు కిందికి నడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.