బల్ల సర్దే వేళ వచ్చిన అంశం

మీలో ఎవరైనా ఏ కంపెనీ బోర్డులోనో, సొసైటీ కమిటీలోనో ఉన్నారా? అయితే ఎజెండా చివరి వరుస మీకు కొత్త కాదు: ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’. చాలామంది దాన్ని సమావేశం అయిపోయిందనడానికి గుర్తుగా చూస్తారు. ఫైళ్లు మూస్తుంటారు, టీ గ్లాసులు తీస్తుంటారు. కంపెనీ సెక్రటరీగా మినిట్స్ రాసినన్నాళ్లూ నేను మాత్రం ఆ వరుస దగ్గరే నిటారుగా కూర్చునేదాన్ని. తొమ్మిది అంశాలకు కాగితాలు ముందే చేతికొచ్చి ఉంటాయి. పదోదానికి మాటే ఆధారం.

ఒక సంగతి చెప్తాను. అదొక చిన్న ప్రైవేటు కంపెనీ, బోర్డులో ఏడుగురు డైరెక్టర్లు. ఆ రోజు నలుగురే వచ్చారు. ఏడుగురిలో మూడో వంతంటే రెండున్నర లోపే గానీ, భిన్నాన్ని పైకి లెక్కేస్తారు కాబట్టి కోరం ముగ్గురు. నలుగురున్నారంటే సమావేశానికి ఏ లోటూ లేదు. అన్నీ అయ్యాక ఒక డైరెక్టరు గారు లేచి, ‘ఊరి బయట ఒక గోడౌన్ అద్దెకొచ్చింది, మూడేళ్ల లీజు, ఈ వారంలో చెప్పకపోతే చేజారిపోతుంది’ అన్నారు. ఎజెండాలో దాని ఊసే లేదు.

ఇక్కడ రెండు మెట్లున్నాయి. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే తరవాత తగువులు వస్తాయి. మొదటిది, ఆ అంశాన్ని అసలు చర్చకు తీసుకోవచ్చా అన్నది. కంపెనీ సెక్రటరీల సంస్థ ఐ.సి.ఎస్.ఐ. ఇచ్చిన సెక్రటేరియల్ స్టాండర్డ్ ఒకటి ఉంది, బోర్డు సమావేశాల గురించి. 2015 జులై 1 నుంచి అమల్లో ఉంది. 2013 కంపెనీల చట్టం 118వ సెక్షను దాన్ని పాటించి తీరాలంటుంది. దాని ప్రకారం ఎజెండాలో లేనిదాన్ని చేపట్టాలంటే అధ్యక్షులు అనుమతించాలి, అక్కడున్న డైరెక్టర్లలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. అధ్యక్షులు ఒక్కరూ ‘కానివ్వండి’ అంటే చాలదు. ఆ రోజు నలుగురూ సరేనన్నారు, మొదటి మెట్టు దాటాం.

రెండో మెట్టు నిర్ణయానిది. చర్చ జరిగింది. ముగ్గురు లీజుకు ఔనన్నారు, ఒకరు వద్దన్నారు. గదిలో చూస్తే నలుగురిలో ముగ్గురు, నెగ్గినట్టే. కానీ ఎజెండాలో లేని అంశానికి లెక్క గదిలోవాళ్లతో తేలదు, మొత్తం బోర్డుతో తేలుతుంది. ఏడుగురిలో ఎక్కువమంది అంటే నలుగురు. ఆ నలుగురి ఔను గదిలోనే దొరికితే నిర్ణయం అక్కడికక్కడే ఖాయం. దొరక్కపోతే, రానివాళ్లలో ఇంకొకరైనా దాన్ని ధ్రువీకరించేదాకా అది అరకొర నిర్ణయమే. మాకు ఒక ఔను తక్కువైంది.

ఈ పట్టింపు ఎందుకో ఆలోచించండి. ఏడు రోజుల ముందు నోటీసు, దాంతోపాటు ఎజెండా పంపేది దేనికి? రావాలో వద్దో మనిషి తేల్చుకోవడానికి. ఎజెండా చూసి ‘ఇందులో నేను లేకపోతే కొంప మునిగేదేం లేదు’ అనుకుని పెళ్లికి వెళ్లిన డైరెక్టరు, గోడౌన్ మాటుందని తెలిస్తే పెళ్లి మానుకునేవాడేమో! ఆయనకు తెలియకుండా ఆయన కంపెనీని మూడేళ్లకు కట్టేయడం న్యాయం కాదు. మన మున్సిపల్ కౌన్సిళ్లలో ‘టేబుల్ ఎజెండా’ అనగానే గొడవ మొదలయ్యేది కూడా ఈ కారణం మీదే.

ఇక రాయడం. ‘గోడౌన్ లీజు విషయం చర్చించి ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన మినిట్స్ నేను చాలా చూశాను. రెండేళ్ల తరవాత ఎవరైనా అడిగితే ఆ వాక్యం దేనికీ జవాబివ్వదు. నేను రాసింది ఇలా ఉంది:

‘ఎజెండాలో లేని అంశం: గోడౌన్ లీజు. అధ్యక్షుల అనుమతితో, హాజరైన నలుగురు డైరెక్టర్ల సమ్మతితో చేపట్టడమైనది. లీజు ముసాయిదా బల్ల మీద ఉంచబడింది. ముగ్గురు డైరెక్టర్లు అనుకూలం. ఒక డైరెక్టరు అసమ్మతి తెలిపారు. మొత్తం డైరెక్టర్లలో అధిక సంఖ్యాకులు ధ్రువీకరించిన మీదట మాత్రమే ఈ నిర్ణయం ఖాయమగును.’

అసమ్మతి తెలిపినవారి పేరు అసలు మినిట్స్‌లో ఉండాలి, అది చట్టం మాట. మీకు చెప్పేటప్పుడు నేను పేరు తీసేశాను, అంతే. ‘ఏకగ్రీవంగా’ అన్న మాట మీద కూడా జాగ్రత్త. ‘ఆలోచించి చెప్తా’ అన్న మనిషిని ఏకగ్రీవంలో కలిపేసిన మినిట్స్ ఒకచోట పెద్ద పేచీకి దారితీయడం నేను కళ్లారా చూశాను.

మర్నాడు పొద్దున్నే ఆ డైరెక్టరు గారి ఫోను. ‘అమ్మా, తీర్మానం సర్టిఫైడ్ కాపీ ఒకటి పంపండి, ఓనరు అడుగుతున్నాడు.’ అసలు ప్రమాదం ఈ ఫోన్లోనే ఉంటుంది. కాపీ బయటికి వెళ్లిందంటే ఎదుటివాడు దాన్ని నమ్మి సంతకాలు పెడతాడు. తరవాత ధ్రువీకరణ రాకపోతే కంపెనీ రెండు మాటలు మాట్లాడినట్టవుతుంది. ‘ఇంకో డైరెక్టరు ఔననాలండీ, ఇవాళే రాస్తున్నాను, జవాబు రాగానే పంపుతాను’ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వస్తుంది మరి, ఆయన తొందర ఆయనది.

రాని ముగ్గురికీ లీజు ముసాయిదా జతచేసి ఉత్తరం రాశాను. మినిట్స్ ముసాయిదా పదిహేను రోజుల్లోపు అందరికీ వెళ్లాలి, చదివి మాట చెప్పడానికి వాళ్లకు ఏడు రోజులుంటాయి. మామూలు అంశాల్లో ఆ ఏడు రోజులూ ఊరుకున్నవాళ్లు ముసాయిదా బాగానే ఉందన్నట్టు. ధ్రువీకరణ విషయంలో మౌనాన్ని ఔనుగా నేనెప్పుడూ రాసుకోలేదు. స్పష్టంగా ‘ధ్రువీకరిస్తున్నాను’ అని, కింద తేదీతో, చేతికి రావాలి. ఆ తేదీ మినిట్స్‌లోకి ఎక్కాలి.

ఇదంతా బోర్డు సంగతి. వాటాదారుల సర్వసభ్య సమావేశంలో అయితే ఈ వెసులుబాటు కూడా లేదు. నోటీసులో లేనిది, చట్టం ప్రత్యేకంగా అనుమతించనిది అక్కడ చేపట్టకూడదని రెండో స్టాండర్డ్ చెబుతుంది. మీ అపార్ట్‌మెంట్ సంఘానికి ఈ స్టాండర్డులు వర్తించవు, మీ బైలా ఏమంటుందో అదే చూసుకోండి.

గోడౌన్ దగ్గరికి వద్దాం. ఇద్దరి నుంచి జవాబు లేదు. మూడో ఆయన నాలుగో రోజున రాశారు. ఆయన ఇల్లు ఆ గోడౌన్‌కి రెండు వీధుల అవతల. ‘వానాకాలంలో అక్కడ మోకాలిలోతు నీళ్లు నిలుస్తాయి, మన సరుకంతా సంచుల్లో ఉండేది, నేను ధ్రువీకరించను. నేల ఎత్తు చేయించి ఇస్తాడేమో కనుక్కోండి’ అని. అధ్యక్షులకు ఆ ఉత్తరం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, వచ్చే సమావేశం ఎజెండాలో నాలుగో అంశంగా పెట్టమన్నారు, ఓనరు నుంచి నేల సంగతి లిఖితపూర్వకంగా తెప్పించి కాగితాలతో పాటు పంపమన్నారు. ఆ సమావేశానికి ఏడుగురూ వచ్చారు.