ఎనీడెస్క్ తీసేసిన తరువాత

"యాప్ అప్పుడే డిలీట్ చేసేశాను, ఇంకేం కాదు కదా?" ఫోన్లో ఎవరో ఏదో యాప్ వేయించి మోసం చేశారని తెలిసిన ప్రతి ఇంట్లోనూ మొదట వినిపించే మాట ఇదే. పదిహేనేళ్ళుగా ఒక ఆఫీసులో కంప్యూటర్ల మరమ్మతు చూస్తున్నాను కాబట్టి చుట్టాలూ, అపార్ట్‌మెంట్ వాళ్ళూ ఇలాంటప్పుడు నాకే ఫోన్ చేస్తుంటారు. మా బాబు చదివే ఏడో తరగతిలోనే పాప ఉన్న ఒక తల్లి విషయం మీకు చెబుతాను. రాయమని ఆవిడే అన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. కింది ఫ్లోర్‌లో ఉంటారు, నేను అక్కా అని పిలుస్తాను.

జూన్‌లో స్కూలు బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సైజు తేడా వచ్చింది. డబ్బు వాపసు కోసం కస్టమర్ కేర్ నంబరు వెతికి, ముందు కనిపించిన నంబరుకు ఫోన్ చేశారు. అవతలి మనిషి చక్కటి తెలుగులో మాట్లాడి, "ఎనీడెస్క్ వేసుకోండమ్మా, నేనే ఫారం నింపిస్తాను" అన్నాడు. ఎనీడెస్క్ దొంగ యాప్ కాదు. ఆఫీసుల్లో మేమూ వాడతాం. ఇలాంటి మోసాలకు దాన్ని వాడుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎనీడెస్క్‌తో వాడికి మీ తెర కనిపిస్తుంది, కానీ చాలా బ్యాంకు యాప్‌లు తెరిస్తే వాడివైపు నల్లగానే ఉంటుంది. అందుకని వాడు అక్కడితో ఆగడు. ఎనీడెస్క్ నడుస్తుండగానే వాట్సాప్‌లో Refund_Form.apk అనే ఫైలు పంపి, ఎక్కడెక్కడ నొక్కాలో చెబుతూ దాన్ని కూడా వేయించాడు. ఆ ఫారంలో అక్క డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, ఏటీఎం పిన్ నింపారు. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే ఇచ్చారు. కాసేపటికి ఆ యాప్ బొమ్మ తెరమీద నుంచి మాయమైంది. ఇన్‌స్టాల్ అవ్వలేదేమో అనుకున్నారు.

11.48కి ఖాతా నుంచి 18,500 రూపాయలు పోయినట్టు మెసేజ్ వచ్చింది. అక్క ఫోన్ పెట్టేసి, వెంటనే ఎనీడెస్క్ తీసేశారు. 12.04కి ఇంకో మెసేజ్ వచ్చింది, ఖాతాలో 80,000 జమ అయిందని. నేను వెళ్ళేసరికి ఆవిడ మొహంలో కాస్త ఊరట కూడా ఉంది, "చూడు, డబ్బు తిరిగొచ్చింది, ఎక్కువే వచ్చింది" అన్నారు. అది బ్యాంకు వాళ్ళు ముందే మంజూరు చేసి ఉంచే లోను. కార్డు వివరాలతో, ఓటీపీతో వాడు తన కంప్యూటర్లో నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు మార్చేసుకుని, ఆవిడ పేరు మీద ఆ లోను తీసుకున్నాడు. 12.06కి అందులోంచి 49,000 వెళ్ళిపోయింది.

ఎనీడెస్క్ తీసేసి అప్పటికి పావుగంట దాటింది. మరి ఓటీపీ వాడికెలా చేరింది? కనిపించకుండా దాక్కున్న ఆ రెండో యాప్, వచ్చిన ప్రతి మెసేజ్‌నూ వాడికి చేరవేస్తోంది.

అందుకే నేను చేసిన మొదటి పని ఫోన్ స్విచాఫ్ చెయ్యడం. ఫ్లైట్ మోడ్ పెడితే చాలదా అని అడుగుతారు. కొన్ని ఫోన్లలో ఫ్లైట్ మోడ్ పెట్టినా వైఫై అలాగే ఉండిపోతుంది, కంగారులో అది చూసుకోం. రెండో పని, నా ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్. నంబరు కార్డు వెనక ఉన్నదే చూసి చేశాం, మళ్ళీ వెతకలేదు. వేరే నంబరు నుంచి చేస్తున్నాం కాబట్టి వాళ్ళు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, పాస్‌బుక్ చేతిలో ఉంచుకోండి. కార్డు, నెట్‌బ్యాంకింగ్, యూపీఐ మూడూ ఆపమని విడివిడిగా చెప్పాలి. కార్డు బ్లాక్ చేస్తే మిగతావి వాటంతట అవే ఆగవు. లోనుతో తమకు సంబంధం లేదని కూడా అదే కాల్‌లో రాయించాం. ఆ తరువాత 1930కి. ఎంత పోయింది, ఎన్ని గంటలకు, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు ఏమిటి అని అడుగుతారు. అప్పటికి ఫోన్ ఆపేసి ఉంటుంది కాబట్టి, ఆపే ముందే ఆ మెసేజ్‌లను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నాకు అర నిమిషం పట్టింది. పూర్తి ఫిర్యాదు cybercrime.gov.in లో రాయాలి.

ఈ తొందర ఎందుకంటే, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా చెబితేనే దాన్ని అక్కడ ఆపగలరు. ఇంకో కారణం కూడా ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, కార్డు వివరాలు మనమే ఇచ్చి మోసపోతే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నష్టమే, చెప్పిన తరువాత పోయింది బ్యాంకు భరించాలి. కాబట్టి ఎన్ని గంటలకు చెప్పాం, ఫిర్యాదు నంబరు ఎంత అన్నవి రాసి పెట్టుకోవాలి. అక్క విషయంలో అది 12.17. లోను డబ్బులో మిగిలింది కదలకుండా ఆగింది.

ఇక శుభ్రం చేసే పని. ఇందులో చాలామంది వరుస తప్పుతారు. ఆ ఫోన్లోనే కూర్చుని పాస్‌వర్డులన్నీ మారుస్తారు, కొత్త ఓటీపీలన్నీ మళ్ళీ వాడికే వెళతాయి. మేం సిమ్ తీసి మామయ్యగారి కీప్యాడ్ ఫోన్లో వేశాం. అలాంటి ఫోన్లో ఏ యాప్ ఓటీపీ దొంగిలించలేదు. నా లాప్‌టాప్‌లో నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు, ఆ తరువాత గూగుల్ పాస్‌వర్డు మార్చాం. గూగుల్‌లో Your devices తెరిచి, మనవి కాని పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేశాం. రికవరీ ఫోన్ నంబరు, ఈమెయిల్ మారిపోలేదు కదా అని కూడా చూసుకోవాలి. అవి వాడివైతే మీరు మార్చిన పాస్‌వర్డు వాడు మళ్ళీ మార్చుకుంటాడు. నెట్‌బ్యాంకింగ్‌లో కొత్తగా చేర్చిన ఖాతాలు, పెంచిన పరిమితులు, ఆటోపే అనుమతులు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. గుర్తు తెలియని పేరు ఒకటి దొరికింది, తీసేశాం.

తరువాతే ఫోన్ తెరిచాం, సిమ్ లేకుండా, వైఫై రౌటర్ ఆపేసి. యాప్ బొమ్మ కనిపించకపోయినా Settings లో Apps జాబితాలో ఉంటుంది. అక్కడ "రిఫండ్" అన్న పేరుతో ఒకటుంది. Uninstall నొక్కుదామంటే అది నొక్కుడు పడటం లేదు. అలా ఉందంటే ఆ యాప్‌కు Device admin హక్కు ఇచ్చారని అర్థం. సెట్టింగ్స్ వెతుకుడు గడిలో Device admin apps అని కొట్టి, ముందు ఆ హక్కు తీసేస్తే తప్ప యాప్ పోదు. తీయబోతుంటే ఆ పేజీ దానంతటదే మూసుకుపోయింది. నాకు అనుమానం పోయి నమ్మకం వచ్చింది అక్కడే. మంచి యాప్ ఏదీ మిమ్మల్ని సెట్టింగ్స్ నుంచి బయటికి తొయ్యదు.

దీనికి ఉపాయం సేఫ్ మోడ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ నొక్కినప్పుడు వచ్చే Power off ను వదలకుండా నొక్కి పట్టుకుంటే Safe mode అని అడుగుతుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ హక్కు తీసేశాం, యాప్ తీసేశాం. Accessibility లోనూ, Notification access లోనూ ఇంకేమైనా ఉన్నాయా అని చూశాం. ఎనీడెస్క్‌తో తెరను చూడటమే కాక వేలు పెట్టి నడిపించాలంటే కూడా Accessibility లోనే అనుమతి తీసుకోవాలి. మీ ఫోన్లో ఈ పద్ధతికి కూడా లొంగకపోతే ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. తిరిగి యాప్‌లను పాత ఫోన్ నుంచి గంపగుత్తగా ఎక్కించవద్దు, ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటే వేసుకోండి. ఆ apk ఫైలు డౌన్‌లోడ్స్‌లోనూ, వాట్సాప్ ఫైళ్ళలోనూ ఇంకా ఉంటుంది. పిల్లలు తెలియక నొక్కకముందే అదీ తీసెయ్యాలి. పోలీసులకు చూపించడానికి ఫైలు పేరు, వాడి నంబరు, వాట్సాప్ సంభాషణ ముందే ఫొటో తీసి ఉంచాం.

సిమ్ తిరిగి వేశాక కాల్స్ ఎక్కడికైనా మళ్ళించాడేమో చూడాలి. డయలర్‌లో ఇది కొడితే తెలుస్తుంది:

```
*#21#
```

మళ్ళింపులు ఉంటే చాలా నెట్‌వర్కుల్లో ఇది అన్నిటినీ రద్దు చేస్తుంది:

```
##002#
```

అక్క ఫోన్లో కాల్స్ మళ్ళింపు లేదు. కానీ వాట్సాప్ Linked devices లో Google Chrome (Windows) అని ఒకటుంది. ఆవిడ ఇంట్లో కంప్యూటరే లేదు. దాన్ని లాగ్ అవుట్ చేసి, వాట్సాప్‌కు రెండో పిన్ పెట్టాం. అప్పుడు కంటపడింది, 11.55కి ఆవిడ నంబరు నుంచి మన ఏడో తరగతి తల్లిదండ్రుల గ్రూపులోకి అదే ఫైలు వెళ్ళింది. గ్రూపులో ఒకాయన నొక్కారట. తెలియని యాప్‌కు అనుమతి ఇవ్వాలా అని ఫోన్ అడిగేసరికి ఆగిపోయారు. ఆవిడ ఫైలును అందరికీ కనిపించకుండా డిలీట్ చేసి, జరిగింది రెండు వాక్యాల్లో రాశారు. సిగ్గుపడి ఊరుకుని ఉంటే సాయంత్రానికి ఇంకో ఇల్లు మునిగేది.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. అమ్మ ఫోన్లోనే పిల్లల గూగుల్ ఖాతా, స్కూలు యాప్, ఫీజు కట్టే కార్డు అన్నీ ఉంటాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డుల జాబితా తెరిస్తే వరసగా కనిపిస్తాయి. ఆ జాబితానే ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ మార్చాం, పాప ఖాతాతో సహా. దీనికి ఒక పూట పట్టింది.

లోను గురించి బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదు ప్రతి జతచేశారు. పోయినదాంట్లో కొంత అవతలి బ్యాంకులో ఆగి ఉందని చెప్పారు, ఇంకా చేతికి రాలేదు. మూడో వారంలో ఆవిడకు ఒక ఫోన్ వచ్చింది. సైబర్ క్రైమ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ముందు 2,000 ఫీజు కట్టి ఈ యాప్ వేసుకోండి అని. ఒకసారి చిక్కినవాళ్ళ నంబర్లు ఇలా చేతులు మారుతుంటాయి. ఆవిడ ఆ నంబరు రాసుకుని, అదే ఫిర్యాదుకు చేర్పించారు.