కలిసి వచ్చిన కాగితాలన్నీ ఒకరివేనా?

ఉద్యోగ విరమణ తరువాత నా వద్దకు రోగులకంటే వారి కాగితాలే ఎక్కువగా వస్తున్నాయి. బంధువులు, పాత పరిచయస్థులు వాట్సాప్‌లో నాలుగైదు ఫైళ్లు ఒకేసారి పంపి, "చూసి చెప్పండి" అని ఊరుకుంటారు. అందులో ఒకటి పీడీఎఫ్, ఒకటి ఫొటో, మరొకటి ఎక్సెల్ పట్టిక. వాటికీ వీటికీ సంబంధమేమిటో ఎవరూ వ్రాయరు. అలాంటప్పుడు దేనిని దేనితో కలిపి చదవాలో ఎలా నిర్ణయించుకోవాలి? వివరాలు కొంత మార్చి ఒక ఉదాహరణ చెబుతాను.

విదేశంలో ఉంటున్న మా బంధువుల అబ్బాయి ఐదు ఫైళ్లు పంపాడు. మొదటిది మూడు వారాల క్రితం చేసిన రక్తపరీక్షల పీడీఎఫ్. రెండవది మందుల చీటీ ఫొటో. పైభాగం ఫొటోలో పడలేదు కనుక పేరు, వయస్సు లేవు. అందులో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వ్రాసి ఉన్నాయి. మూడవది ఇంట్లో గ్లూకోమీటరుతో చూసిన చక్కెర విలువల పట్టిక. నాలుగవది థైరాక్సిన్ మాత్రల సీసా ఫొటో. ఐదవది ఈసీజీ, దానిపై పేరూ లేదు, తేదీ కూడా లేదు.

అన్నీ ఒకరివే అనుకుంటే కథ సులభంగానే కుదురుతుంది. మధుమేహం ఉంది, మందులు వాడుతున్నారు, పరీక్షలు చేయించారు. కానీ ఒకేసారి పంపారన్నది అవి ఒకరివే అనడానికి సాక్ష్యం కాదు. అవన్నీ ఒక ఫోనులో ఉన్నాయని మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

నేను ముందుగా ప్రతి కాగితంలోనూ మనిషి ఆనవాలు వెదుకుతాను. పీడీఎఫ్‌లో స్త్రీ, 63 సంవత్సరాలు అని ఉంది. అందులోనే థైరాయిడ్ పరీక్ష కూడా ఉంది కనుక మాత్రల సీసా ఆమెదే కావచ్చు. చీటీలోనూ పట్టికలోనూ అలాంటి ఆనవాలేదీ లేదు.

తరువాత అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూస్తాను. పీడీఎఫ్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 శాతం. ఈ పరీక్ష దాదాపు మూడు నెలల సగటు చక్కెరను తెలుపుతుంది. ఆ అంకెను 28.7తో గుణించి 46.7 తీసివేస్తే సగటు విలువ వస్తుంది. ఇక్కడ అది సుమారు 128. పట్టికలోనేమో ఆ మూడు నెలలలోనే పరగడుపున 170 నుండి 190 వరకు, భోజనమైన రెండు గంటలకు 240 నుండి 260 వరకు ఉన్నాయి. అటువంటి విలువలున్నవారికి హెచ్‌బీఏ1సీ 9 దగ్గర ఉండాలి.

ఒకే మనిషిలో కూడా ఇలాంటి తేడా రావచ్చు. ఈమధ్య రక్తస్రావం జరిగినా, రక్తం ఎక్కించినా, ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బు ఉన్నా హెచ్‌బీఏ1సీ తక్కువగా కనిపిస్తుంది. అయితే ఆ పీడీఎఫ్‌లో హిమోగ్లోబిన్ 12.6 ఉంది, అలాంటి కారణాన్ని సూచించేది మరేదీ లేదు. గ్లూకోమీటరు కొంత అటూ ఇటూ చూపుతుంది గాని, నెలల తరబడి ఇంత తేడా చూపడం అరుదు. కాబట్టి ఇవి ఇద్దరి కాగితాలనే అనుమానం బలపడింది.

అప్పుడు రెండే ప్రశ్నలు పంపాను: "పట్టిక, మందుల చీటీ ఎవరివి? ఈసీజీ ఎవరిది, ఎప్పటిది?" జవాబు వచ్చింది: "రక్తపరీక్షలు, థైరాయిడ్ మాత్రలు అమ్మవి బాబాయి గారూ. చక్కెర పట్టిక, చీటీ నాన్నవి. ఈసీజీ కూడా నాన్నదే, రెండేళ్ల క్రితం తీసింది."

అన్నీ కలిపి చదివి ఉంటే ఏమి జరిగేది? "మూడు నెలల సగటు బాగుంది, మీటరు మార్చండి" అనే సలహా తండ్రికి చేరేది. అదుపులో లేని చక్కెర అలాగే ఉండిపోయేది. తల్లి విషయంలో, అవసరం లేని గ్లిమెపిరైడ్ ఆమెకు వాడుతున్నారని భ్రమపడేవాళ్లం. ఇప్పుడు తండ్రికి హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పరీక్ష చేయించి, వాటితో ఆయన డాక్టరును కలవమని చెప్పాను.

జవాబు కోసం ఆగకూడని సందర్భం ఒకటుంది. కాగితాలలో ఏ ఒక్కటైనా తక్షణ ప్రమాదాన్ని సూచిస్తే, ఉదాహరణకు గుండెపోటు లక్షణాలున్న ఈసీజీ అయితే, మిగిలినవాటితో కలపనవసరం లేదు. "ఇది ఎవరిదైనా, ఇప్పటిదైతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి" అని ముందు చెప్పి, ఆ తరువాతే ప్రశ్నలు అడగాలి.

మీరు ఎవరికైనా కాగితాలు పంపేటప్పుడు ప్రతి ఫైలు కింద ఒక్క వాక్యం వ్రాయండి: ఎవరిది, వయస్సెంత, ఏ తేదీది. ఫొటోలో కాగితం పైభాగం తప్పక పడేలా చూడండి. స్కాన్ చేసి అన్నిటినీ ఒకే పీడీఎఫ్‌గా చేసేవారు ఇద్దరి పేజీలను ఒకే ఫైలులో కలపకండి. అలా కలిపితే మొదటి పేజీ మీది పేరే చివరి పేజీ వరకు వర్తిస్తుందని చదివేవారు అనుకుంటారు.