ఇల్లు కొన్న కబురు

పోయిన నెల డాలస్ దగ్గర మా మొదటి ఇల్లు కొన్నాం. కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో చెబుదామని టైపు చేశాను. నాలుగు బెడ్రూములు, 2,800 చదరపు అడుగులు, మంచి స్కూళ్ళు. చివర్లో "కష్టపడితే ఏదైనా సాధ్యమే".

పంపేముందు పాత రూమ్మేటు గుర్తొచ్చాడు. ఉద్యోగం పోయి నెలన్నరైంది. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి దొరికే 60 రోజుల గడువులో ఇంకా 15 మిగిలాయి. మరి వాడు కష్టపడలేదనా? ఆ వాక్యం తీసేశాను.

అంకెలూ తీసేసి "ఏదో మా చిన్న కొంప" అన్నాను. ఇది ఇంకా ఘోరం. సింగిల్ బెడ్రూంలో పిల్లలతో సర్దుకుంటున్నవాడు ఆ మాట చదివి, ఫోటో చూస్తే ఏమనుకుంటాడు?

అసలు నాకు సంతోషం ఎక్కడ కలిగిందో ఆలోచించి మళ్ళీ రాశాను:

"ఇల్లు కొన్నాం. డౌన్ పేమెంటులో సగం మా ఆవిడ దాచిందే. మిగతాది ముప్పై ఏళ్ళ అప్పు. పొంగించిన పాలు స్టవ్ మీద మాడి స్మోక్ అలారం మోగింది. వీడియో కాల్లో అమ్మ, 'మేళం కూడా పెట్టించావుట్రా?' అంది."

ఇది కూడా వెంటనే పంపలేదు. ముందు రూమ్మేటుకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒకవేళ వెళ్ళిపోవాల్సొస్తే నా సామాను పెట్టడానికి చోటుందా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను, నాలుగు బెడ్రూములని.