తీజ్‌కి వేసుకున్న కుర్తాని మెషిన్లో వేసే ముందు

హాస్టళ్లలో, రూముల్లో వాషింగ్ మెషిన్ వచ్చాక మన బట్టల పని చాలా తగ్గింది. జీన్సులు, దుప్పట్లు అందులో వేస్తే మంచిదే. కానీ తీజ్ అయిపోయి తండా నుంచి తిరిగొచ్చాక అద్దాల కుర్తాలు, జరీ అంచు చున్నీలు కూడా అందులోకే పోతున్నాయి. ఈ పోస్టు వాటి గురించే.

మా అమ్మ కుట్టుపని చూస్తూ పెరిగిన. మన కుట్టులో అద్దాన్ని బట్టకి పట్టి ఉంచేది జిగురు కాదు, దాని అంచు చుట్టూ వేసిన దారం. మెషిన్ తిరిగినప్పుడల్లా అద్దం అంచు ఆ దారాన్ని కొద్దికొద్దిగా కోస్తది. ఒక్క ఉతుకుకే అద్దం ఊడకపోవచ్చు. వేలితో కదిపితే ఆడుతుందంటే మాత్రం దారం తెగడం మొదలైనట్టే. జరీ సంగతి వేరే. అది లోపల నూలు లేదా పట్టు పోగు, పైన చుట్టిన సన్నటి లోహపు తీగ. రాపిడికి ఆ చుట్టు విడిపోతే లోపలి పోగు బయటపడ్తది, మళ్లీ చుట్టలేం.

అన్ని కుర్తాలకీ ఈ భయం అక్కర్లేదు. బట్ట తిరగేసి చూడండి. వెనక వైపు సన్నటి దారంతో కుట్లన్నీ ఒకే తీరుగా ఉంటే అది మెషిన్ ఎంబ్రాయిడరీ. అద్దాలు, పూసలు, జరీ లేకపోతే తిరగేసి, నెట్ సంచిలో పెట్టి, చల్లనీళ్లతో డెలికేట్ మోడ్‌లో వేయొచ్చు. వెనక ముడులు, పొడుగు దారాలు కనిపిస్తే చేతికుట్టు. దాన్ని బకెట్‌లోనే ఉతకాలి.

మా చెల్లి కుర్తానే తీసుకోండి. నల్ల కాటన్, మెడ చుట్టూ ఎర్రదారంతో అద్దాలు, చేతులకి జరీ అంచు. ముందు తడిపిన తెల్లగుడ్డని లోపలివైపు ఎర్రదారం మీద ఒక నిమిషం ఒత్తి చూస్తాం. గుడ్డకి రంగు అంటితే ఆ కుర్తాని నీళ్లలో పెట్టం, డ్రైక్లీనింగ్‌కి ఇస్తాం. అంటకపోతే అర బకెట్ చల్లనీళ్లలో ఒక చిన్న చెంచా షాంపూ కలిపి, కుర్తాని తిరగేసి ముంచుతాం. నానబెట్టేది లేదు. మూడు నాలుగు నిమిషాలు అరచేత్తో ఒత్తడమే. చంకలు, మెడపట్టీ లోపలివైపు మాత్రం వేళ్లతో మెల్లగా రుద్దుతాం. బ్రష్ అద్దాల దగ్గరికి రానియ్యం.

నురగ పోయేదాకా నీళ్లు మార్చాలి. అసలు చెడగొట్టేది పిండుడే. మెలిపెడితే జరీ విరుగుద్ది, అద్దాల దారం సాగుద్ది. అందుకే పొడి తువ్వాలలో చాపలా చుట్టి ఒత్తితే చాలు, నీళ్లు అదే పీల్చుకుంటది. తర్వాత నీడలో, చాప మీద పరిచి ఆరేస్తాం. తాడు మీద వేలాడదీస్తే తడి అద్దాల బరువుకి మెడ సాగుతుంది. ఇస్త్రీ కూడా లోపలివైపు నుంచే, తక్కువ వేడి మీద, కింద మందపాటి తువ్వాల వేసి.

మొత్తం పావుగంట పని. ఊడిన ఒక్క అద్దం మళ్లీ కుట్టాలంటే చుట్టూ ఉన్న కుట్టు కూడా విప్పాల్సి రావచ్చు. ఆ పని మళ్లీ అమ్మ కళ్ల మీదే పడ్తది.